పులావ్, ఫ్రైడ్ రైస్ ప్లేటు మాక్రోలు ఎలా లెక్కేయాలి: బియ్యం, నూనె, గుడ్డు మారితే ఎంత మారుతుంది?

క్యాలరీల యాప్‌లో "వెజ్ పులావ్, ఒక ప్లేటు" అని వెతికి చూడండి. బోలెడు జవాబులు వస్తాయి, ఏ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. అవన్నీ తప్పులని కాదు. ఎవరి ప్లేటు వాళ్లది, ఎవరి నూనె చెయ్యి వాళ్లది. అందుకే ఇలాంటి వంటకాలకు యాప్‌లో దొరికిన అంకెను నమ్ముకోవడం కంటే ఒక్కసారి మీ ఇంటి వంటను తూచి లెక్కేసుకోవడం మేలు. ఒకసారి చేసి పెట్టుకుంటే, తర్వాత బియ్యం పెరిగినా, నూనె తగ్గినా, గుడ్డు కలిసినా ఆ తేడా ఒక్కటే కూడితే చాలు, తీసేస్తే చాలు.

మాక్రోలంటే కార్బ్స్, ప్రొటీన్, ఫ్యాట్. ఈ ప్లేటులో వాటి అంకెల్ని కదిపేవి మూడే. కార్బ్స్ దాదాపు అంతా బియ్యం నుంచి వస్తాయి. ఫ్యాట్ ఎక్కువగా నూనె, నెయ్యిలది. ప్రొటీన్ మాత్రం గుడ్డు వేస్తే కనిపించేంత పెరుగుతుంది, వేయకపోతే ఎంత తిన్నా తక్కువే. క్యారెట్, బీన్స్, క్యాబేజీ, క్యాప్సికమ్ ఎంత వేసినా లెక్కను పెద్దగా కదపవు. బఠానీ, బంగాళాదుంప, జీడిపప్పు మాత్రం కొంచెం కదుపుతాయి.

ముందుగా కావలసినవి

గ్రాముల్లో చూపించే వంటింటి డిజిటల్ తూకం ఒకటి, కొలత స్పూన్ల సెట్టు ఒకటి ఉండాలి. తూకం అయిదు కిలోల వరకు మోసేదైతే గిన్నెతో సహా పెట్టి తూచవచ్చు. స్పూన్లు లేకపోయినా నడుస్తుంది, తూకం లేకపోతే మాత్రం కష్టం. పోపు గరిటెతో నూనె పోసే ఇళ్లలో ఆ గరిటెలో ఎంత పడుతుందో ఒకసారి తూచి చూసుకోండి. గరిటె గరిటెకూ చాలా తేడా ఉంటుంది.

ఇక అంకెలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు ఆహార పదార్థాల పట్టికలు కొత్తగా ప్రచురించింది. తెల్ల బియ్యానికి వాళ్లిచ్చిన విలువల్ని గుండ్రం చేస్తే, 100 గ్రాముల పచ్చి బియ్యంలో 350 క్యాలరీల చిల్లర, 78 గ్రాముల కార్బ్స్, 8 గ్రాముల ప్రొటీన్, అర గ్రాము ఫ్యాట్ ఉంటాయి. సోనా మసూరీ అయినా బాస్మతి అయినా గ్రాముకు గ్రాము ఇంచుమించు ఇంతే. నూనె గ్రాముకు 9 క్యాలరీలు, అది ఏ నూనైనా సరే. నెయ్యీ అంతే. పెంకు తీసిన మామూలు గుడ్డుకు 70 క్యాలరీలు, 6 గ్రాముల ప్రొటీన్, 5 గ్రాముల ఫ్యాట్ వేసుకోండి.

ఒకటో మెట్టు: బియ్యాన్ని పచ్చిగా తూచండి

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. 100 గ్రాముల బియ్యం ఉడికితే సుమారు 250 నుంచి 300 గ్రాముల అన్నం అవుతుంది. పెరిగిన బరువంతా నీళ్లే. కాబట్టి 100 గ్రాముల అన్నానికి 130 క్యాలరీల దాకా ఉంటే, 100 గ్రాముల బియ్యానికి 350. ప్లేటులో 250 గ్రాముల అన్నం పెట్టుకుని యాప్‌లో "రైస్, 250 గ్రాములు" అని కొడితే, ఆ ఎంట్రీ పచ్చి బియ్యానిదైతే 325 రావలసిన చోట 875 చూపిస్తుంది. యాప్‌లో ఏ ఎంట్రీ ఏదో ఎలా తెలుసుకోవాలి? 100 గ్రాములకు ఎన్ని క్యాలరీలు చూపిస్తోందో చూడండి. 350 దగ్గర ఉంటే అది పచ్చి బియ్యం, 130 దగ్గర ఉంటే అన్నం.

మీ ఇంటి అన్నం లెక్క కూడా ఒకసారి తేల్చుకోండి. రైస్ కుక్కర్‌తో ఇచ్చే చిన్న కప్పు 180 మిల్లీలీటర్లది, అందులో బియ్యం తలగొట్టి పోస్తే సుమారు 150 గ్రాములు పడుతుంది. ఆ 150 గ్రాముల బియ్యంలో 525 క్యాలరీలు. వండాక అన్నం 400 గ్రాములు తూగితే 100 గ్రాములకు 131. ఫ్రైడ్ రైస్ కోసం నీళ్లు తగ్గించి పలుకుగా వండితే అదే బియ్యం 350 గ్రాములే తూగవచ్చు, అప్పుడు 100 గ్రాములకు 150. బియ్యం అంతే, క్యాలరీలు అంతే, నీళ్లే తగ్గాయి. మెత్తగా వండే ఇంటి అంకెను పలుకుగా వండే ఇంట్లో వాడకూడదనేది ఇందుకే.

రెండో మెట్టు: నూనె సీసాను తూచండి, స్పూన్‌ను కాదు

నిండుగా ఒక టేబుల్‌స్పూన్ నూనె 14 గ్రాములు, అంటే 125 క్యాలరీలు. టీస్పూన్ నాలుగున్నర గ్రాములు, 40 క్యాలరీలు. కానీ వేడి మూకుడు ముందు నిలబడి ఎవరూ స్పూన్‌ను అంచు దాకా నింపి ఆపరు. కొంచెం పొర్లుతుంది, చివర్లో "అడుగంటుతోంది" అని ఇంకాస్త పడుతుంది. ఆ ఇంకాస్తను ఎవరూ లెక్కలో రాయరు.

దీనికి తేలిక ఉపాయం ఉంది. వంట మొదలుపెట్టే ముందు నూనె సీసాను తూకం మీద పెట్టి సున్నా నొక్కండి. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు తీసి పోసుకోండి. ప్రతిసారీ సీసాను మళ్లీ తూకం మీదే పెట్టండి. చివర్లో తెర మీద -28 అని కనిపిస్తే 28 గ్రాముల నూనె పడిందన్నమాట. మధ్యలో తూకం దానంతటదే ఆరిపోతుందన్న టెన్షన్ ఉంటే మొదట్లో సీసా బరువు ఒక కాగితం మీద రాసి, చివర్లో మళ్లీ తూచి తీసేయండి. నెయ్యి డబ్బాకూ ఇదే పద్ధతి.

ఇంకో చిన్న విషయం. నూనె మిల్లీలీటర్లు, గ్రాములు ఒకటి కావు. లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది. యాప్‌లో ఎంట్రీ మిల్లీలీటర్లలో ఉంటే గ్రాముల అంకె అందులో కొట్టకండి.

గిన్నెకు అంటుకుని మిగిలిపోయే నూనెను తీసేయాలా అని కొందరు అడుగుతారు. పులావ్‌లో అది లెక్కలోకి రాదు. వేగిన నూనెంతా అన్నమే పీల్చుకుంటుంది.

మూడో మెట్టు: పులావ్ గిన్నె మొత్తానికి లెక్క కట్టండి

ఒక గిన్నె పులావ్ తీసుకుందాం. రైస్ కుక్కర్ కప్పుతో రెండు కప్పులు, అంటే 300 గ్రాముల బియ్యం. క్యారెట్, బీన్స్, పచ్చి బఠానీ, ఉల్లిపాయ తలా 100 గ్రాములు. నూనె 40 గ్రాములు, దించే ముందు ఒక టీస్పూన్ నెయ్యి, కలిపి 45 గ్రాములు అనుకోండి. జీడిపప్పు 15 గ్రాములు. మసాలా దినుసులు, అల్లం వెల్లుల్లి, పుదీనాలను వదిలేయవచ్చు.

బియ్యం 1,050 క్యాలరీలు. నాలుగు రకాల కూరగాయలూ కలిపి 200, అందులోనూ పెద్ద వాటా బఠానీదే. నూనె, నెయ్యి 405. జీడిపప్పు 85. మొత్తం 1,740 క్యాలరీలు. అదే వరసలో కూడుకుంటూ పోతే గిన్నె మొత్తంలో కార్బ్స్ 278 గ్రాములు, ప్రొటీన్ 36, ఫ్యాట్ 54 వస్తాయి. సరిచూసుకోవాలంటే కార్బ్స్‌నీ ప్రొటీన్‌నీ నాలుగుతో, ఫ్యాట్‌ను తొమ్మిదితో గుణించి కూడండి. 1,740కి దగ్గరగా రావాలి. బాగా తేడా వస్తే ఏదో ఒక పదార్థం రెండుసార్లు రాసి ఉంటారు, లేదంటే మరిచిపోయి ఉంటారు.

ఇప్పుడు గిన్నె బరువు. ఖాళీ గిన్నెను వంటకు ముందే తూచి ఫోన్‌లో రాసుకోండి. వండాక గిన్నెతో సహా తూచి ఖాళీ బరువు తీసేయండి. ఈ పులావ్ 1,200 గ్రాములు తూగిందనుకుందాం. 1,740ని 1,200తో భాగిస్తే గ్రాముకు 1.45, అంటే 100 గ్రాముల పులావ్‌కు 145 క్యాలరీలు, 23 గ్రాముల కార్బ్స్, 3 గ్రాముల ప్రొటీన్, నాలుగున్నర గ్రాముల ఫ్యాట్. మీరు వడ్డించుకున్నది 400 గ్రాములైతే గిన్నెలో మూడో వంతు: 580 క్యాలరీలు, 93 గ్రాముల కార్బ్స్, 12 గ్రాముల ప్రొటీన్, 18 గ్రాముల ఫ్యాట్.

వడ్డించే ముందు అడుగు నుంచి ఒకసారి నెమ్మదిగా కలపండి. కుక్కర్‌లో కూరగాయలు పైకి తేలతాయి, నూనె, నెయ్యి ఒకచోట చేరతాయి. పైపైన తీసుకున్న ప్లేటూ అడుగు నుంచి తీసుకున్న ప్లేటూ ఒకే బరువు తూగినా లోపల ఉన్నది ఒకటి కాదు. జీడిపప్పులన్నీ ఒకరి ప్లేటులోకే వెళ్లే ఇళ్ల సంగతి నేను చెప్పనక్కర్లేదు.

నాలుగో మెట్టు: ఒక ప్లేటు ఫ్రైడ్ రైస్

ఫ్రైడ్ రైస్ లెక్క పులావ్ కంటే తేలిక, ఎందుకంటే చాలామంది ఒక్కరికో ఇద్దరికో మూకుడులో వేయించుకుంటారు. గిన్నెను భాగాలు చేసే పని లేదు. మూకుడులో వేసిందే ప్లేటులోకి వస్తుంది.

కాకపోతే ఇక్కడ బియ్యం బదులు వండిన అన్నాన్ని తూచాలి, అదీ మూకుడులో వేసే ముందే. వేయించేటప్పుడు అన్నంలోని నీళ్లు కొంత ఆవిరైపోతాయి, నూనె, గుడ్డు కలుస్తాయి. పూర్తయిన ఫ్రైడ్ రైస్‌ను తూచి "అన్నం" ఎంట్రీ కింద కొడితే ఆ అంకెకు అర్థం ఉండదు.

ఒక మామూలు ప్లేటు లెక్క ఇలా ఉంటుంది. 100 గ్రాములకు 130 లెక్కన 250 గ్రాముల అన్నం: 325 క్యాలరీలు. క్యారెట్, బీన్స్, క్యాబేజీ, క్యాప్సికమ్ కలిపి 100 గ్రాములు: 35. ఒక టేబుల్‌స్పూన్ నూనె: 125. రెండు గుడ్లు: 140. సోయా సాస్, వెనిగర్, మిరియాల పొడిని వదిలేద్దాం. మొత్తం 625 క్యాలరీలు, 77 గ్రాముల కార్బ్స్, 20 గ్రాముల ప్రొటీన్, 25 గ్రాముల ఫ్యాట్. గుడ్లు తీసేస్తే 485కు దిగుతుంది, కానీ ప్రొటీన్ కూడా 8 గ్రాములకు పడిపోతుంది.

ఫ్రిజ్‌లో పెట్టిన నిన్నటి అన్నంలో క్యాలరీలు తగ్గిపోతాయని ఒక మాట తిరుగుతూ ఉంటుంది. చల్లారిన అన్నంలో పిండి కొంత సులభంగా అరగని రకంగా మారే మాట నిజమే. ప్లేటు అంకెను మార్చేంత కాదు. నేనైతే దానికి ఏమీ తగ్గించను.

అయిదో మెట్టు: మూడింటినీ మార్చి చూడండి

ఇక్కడ ఒక అంకె గుర్తు పెట్టుకుంటే మిగతా లెక్కంతా నోటి మీదే అయిపోతుంది. 50 గ్రాముల అన్నం 65 క్యాలరీలు. ఒక గుడ్డు 70. ఒకటిన్నర టీస్పూన్ల నూనె 60. మూడూ ఇంచుమించు సమానం. కానీ ఒకటి 14 గ్రాముల కార్బ్స్ ఇస్తుంది, ఇంకొకటి 6 గ్రాముల ప్రొటీన్ ఇస్తుంది, మూడోది కేవలం ఫ్యాట్, అదీ కడుపుకు తెలియకుండా. క్యాలరీలు పెంచకుండా ప్లేటును మార్చాలంటే వీటిలో ఒకటి తీసి ఇంకొకటి పెట్టడమే.

రెండు ప్లేట్లు పక్కపక్కన చూద్దాం. మొదటిది ఇళ్లల్లో మామూలుగా చేసేది: 250 గ్రాముల అన్నం, ఒక గుడ్డు, రెండు టేబుల్‌స్పూన్ల నూనె, 100 గ్రాముల కూరగాయలు. లెక్కేస్తే 680 క్యాలరీలు, 77 గ్రాముల కార్బ్స్, 14 గ్రాముల ప్రొటీన్, 34 గ్రాముల ఫ్యాట్. రెండోది: 200 గ్రాముల అన్నం, మూడు గుడ్లు, రెండు టీస్పూన్ల నూనె, కూరగాయలు అంతే. 585 క్యాలరీలు, 63 గ్రాముల కార్బ్స్, 25 గ్రాముల ప్రొటీన్, 25 గ్రాముల ఫ్యాట్. మూడు గుడ్లు పడినా రెండో ప్లేటే తక్కువ. గుడ్ల పచ్చసొనలో ఫ్యాట్ ఉన్నా, తగ్గించిన నూనె దాన్ని మించిపోయింది. ఆకలి తీరలేదని రెండో ప్లేటులో ఇంకో 50 గ్రాముల అన్నం వేసుకున్నా 650 దగ్గరే ఆగుతారు.

పచ్చసొన వద్దనుకునేవాళ్లకు: ఒక తెల్లసొన 17 క్యాలరీలు, మూడున్నర గ్రాముల ప్రొటీన్. ఒక గుడ్డు, రెండు తెల్లసొనలు కలిపితే 104 క్యాలరీలకు 13 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. రుచి కోసం ఒక పచ్చసొన ఉంచమనే నా సలహా. అన్నీ తెల్లసొనలే వేసిన ఫ్రైడ్ రైస్ రబ్బరు నమిలినట్టు ఉంటుంది.

రెండు టీస్పూన్ల నూనెతో అడుగంటదా? ఇనుప మూకుడులో గుడ్డు తప్పకుండా అంటుకుంటుంది. నాన్‌స్టిక్ అయితే ఇబ్బంది లేదు. గుడ్డును విడిగా ఒక టీస్పూన్ నూనెలో ముందే పొరటు చేసి తీసి పక్కన పెట్టుకోండి. మిగిలిన టీస్పూన్ నూనెతో కూరగాయలు వేయించి, చల్లటి అన్నాన్ని చేత్తో పొడిపొడిగా విడదీసి వేయండి. ముద్దలుగా వేస్తే విడదీయడానికని మళ్లీ నూనె పోయాల్సి వస్తుంది, లెక్క తప్పేది అక్కడే.

పులావ్‌లో మార్పు వేరేగా చేయాలి. గుడ్డు లోపల కలపరు కాబట్టి పక్కన ఉడికించి పెట్టుకోవడం తేలిక, దానికి నూనె కూడా అక్కర్లేదు. పైన లెక్కేసిన పులావ్‌లో 400 గ్రాముల బదులు 300 గ్రాములు వడ్డించుకుని, రెండు ఉడికించిన గుడ్లు పెట్టుకోండి. 435కి 140 కలిపితే 575. పెద్ద ప్లేటు 580తో ఇంచుమించు సమానం. కార్బ్స్ 93 నుంచి 70కి తగ్గాయి, ప్రొటీన్ 12 నుంచి 21కి పెరిగింది, ఫ్యాట్ మాత్రం 18 నుంచి 24 దాకా వెళ్లింది. ఆ ఫ్యాట్ కూడా తగ్గాలంటే గిన్నెలో నూనెకే చెయ్యి పెట్టాలి. 45 గ్రాముల బదులు 25 గ్రాములతో చేస్తే గిన్నెకు 180, 400 గ్రాముల ప్లేటుకు 60 క్యాలరీలు తగ్గుతాయి. 25 గ్రాములతో పులావ్ బాగానే వస్తుంది. అంతకంటే తగ్గిస్తే మసాలా వాసన తేలిపోతుంది, మెతుకులు ఒకదానికొకటి అంటుకుంటాయి.

చాలామంది చేసే ఇంకో పని, బియ్యం తగ్గించి కూరగాయలు రెట్టింపు చేయడం. 200 గ్రాముల బియ్యం, 800 గ్రాముల కూరగాయలు వేసి, నూనె, జీడిపప్పు అంతే ఉంచితే గిన్నె మొత్తం 1,590 అవుతుంది. బియ్యంలో తగ్గిన 350లో 200 కూరగాయలు తిరిగి తెచ్చాయి. ఎందుకంటే బఠానీ, ఉల్లిపాయ కూడా రెట్టింపయ్యాయి. గిన్నె బరువు మళ్లీ 1,200 దాటుతుంది కాబట్టి 400 గ్రాముల ప్లేటుకు తగ్గేది 50 నుంచి 70 క్యాలరీలు మాత్రమే. పెంచాలనుకుంటే బీన్స్, క్యాబేజీ, కాలీఫ్లవర్ పెంచండి, బఠానీ అలాగే ఉంచండి. ఎక్కువ కూరగాయలు వేగడానికి ఇంకో టేబుల్‌స్పూన్ నూనె పోశారా, ఆ తగ్గింపులో కూడా సగానికి పైగా పోతుంది.

బయట తిన్నప్పుడు

హోటల్ ప్లేటులో నూనె ఎంత పడిందో తినేవాళ్లకు తెలిసే దారి లేదు. పార్సిల్ అయితే డబ్బా ఖాళీ చేసి తూచవచ్చు. ఇంటి ఫ్రైడ్ రైస్ 100 గ్రాములకు 145 చుట్టుపక్కల వస్తే, బయటి ఎగ్ ఫ్రైడ్ రైస్‌కు నేను 180 వేసుకుంటాను. 500 గ్రాముల పార్సిల్‌లో అన్నం 370 గ్రాములు, గుడ్డు ఒకటి, నూనె 35 గ్రాములు, మిగతాది కూరగాయలు అనుకుంటే దాదాపు ఆ అంకే వస్తుంది, మొత్తం 900 క్యాలరీల దాకా. తిన్నాక డబ్బా అడుగున నూనె పేరుకుని కనిపిస్తే 200 వేసుకోండి. ఇది అంచనా మాత్రమే, పైకీ కిందికీ వంద తేడా ఉండవచ్చు.

అలాంటి పార్సిల్‌లో గుడ్డు కోసం వెతికితే సన్నటి ముక్కలు అక్కడక్కడ తగులుతాయి, ఒక్క గుడ్డుకు మించి రాయకండి. ఇంటికి తెచ్చుకుని తింటున్నప్పుడు సగం డబ్బా వడ్డించుకుని, పక్కన రెండు గుడ్లు ఉడికించుకుంటే 590 క్యాలరీలకు 20 గ్రాముల దాకా ప్రొటీన్ వస్తుంది. మిగతా సగాన్ని బయట ఉంచకుండా వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. పులావ్‌తో పాటు వచ్చే పెరుగు పచ్చడిని మరచిపోవద్దు: వెన్న తీయని పాలతో తోడుపెట్టిన పెరుగైతే 100 గ్రాములకు 60 క్యాలరీలు, 3 గ్రాముల ప్రొటీన్ కలుపుకోవాలి.